కొలంబో నుంచి లండన్ టికెట్ చౌకగా ఉంది: హైదరాబాద్–కొలంబో ఫ్లైట్ లేటైతే పరిస్థితి ఏంటి?

మియాపూర్ రవి
అందరికీ నమస్కారం. దోహా మీదుగా లండన్‌కి బిజినెస్ క్లాస్, రానూపోనూ చూస్తున్నా. హైదరాబాద్‌లో మొదలుపెడితే 2,96,000 చూపిస్తోంది. అదే ఎయిర్‌లైన్, అదే వారం, కొలంబోలో మొదలుపెడితే 2,08,000. తేడా 88,000. హైదరాబాద్ నుంచి కొలంబోకి డైరెక్ట్ ఫ్లైట్ విడిగా కొనుక్కుందామని ప్లాన్. అది సాయంత్రం 4:10కి దిగుతుంది, దోహా ఫ్లైట్ రాత్రి 8:40కి. మధ్యలో నాలుగున్నర గంటలుంది. ఒక చెకిన్ బ్యాగ్, ఒక చేతి బ్యాగ్. మొత్తం ట్రిప్ 24 రోజులు. ఈ గ్యాప్ సరిపోతుందా?

అమీర్‌పేట్ అజయ్
బ్రో, నాలుగున్నర గంటలంటే చాలా ఎక్కువ. దోహాలో గంటంబావు గ్యాప్‌తోనే జనం ఫ్లైట్లు మారుతున్నారు. కొలంబో ఎయిర్‌పోర్ట్ శంషాబాద్ అంత పెద్దది కూడా కాదు. శ్రీలంకకీ మనకీ టైమ్ తేడా లేదు కాబట్టి ఆ గందరగోళం కూడా ఉండదు. బుక్ చేసెయ్.

పదహారో వరుస
టైమ్ తేడా లేదన్నది కరెక్టే. దోహాతో పోలికే కుదరదు అజయ్ గారూ. దోహాలో గంటంబావు చాలేది అంతా ఒకే టికెట్ కాబట్టి. బ్యాగ్ వాళ్లే మారుస్తారు, ఫ్లైట్ తప్పితే తర్వాతి దాంట్లో వాళ్లే కూర్చోబెడతారు. రవి గారి దగ్గర ఉండేవి రెండు వేర్వేరు టికెట్లు. మొదటి విమానం ఎంత ఆలస్యమైనా రెండో ఎయిర్‌లైన్‌కి సంబంధం లేదు. రెండోది తప్పిపోయినా మొదటి ఎయిర్‌లైన్‌ది బాధ్యత కాదు. ఆయన్ని కొలంబోకి చేర్చేస్తే వాళ్ల పని అయిపోయినట్టే.

ఇక ఆ నాలుగున్నర గంటల్లో చేతికి నిజంగా మిగిలేది ఎంతో చూద్దాం. చెకిన్ కౌంటర్ సాధారణంగా బయల్దేరడానికి గంట ముందు మూసేస్తారు. అంటే రవి గారి గడువు 8:40 కాదు, 7:40. 4:10కి దిగాక విమానంలోంచి బయటికి రావాలి, ఇమిగ్రేషన్ లైన్లో నిలబడాలి, బెల్ట్ మీద బ్యాగ్ రావాలి, కస్టమ్స్ దాటాలి. మళ్లీ డిపార్చర్ వైపుకెళ్లి కౌంటర్ ముందు నిలబడేసరికి 5:30, లైన్ పెద్దదైతే 5:45. మిగిలింది రెండు గంటలే. హైదరాబాద్‌లో విమానం రెండు గంటలు లేటుగా లేచిందంటే మీ లండన్ ప్రయాణం శంషాబాద్‌లోనే ఆగిపోయినట్టు. ఇది లేటు సంగతి. ఆ రోజు ఫ్లైట్ రద్దయితే ఎన్ని గంటల గ్యాపైనా ఒకటే.

మియాపూర్ రవి
తప్పిపోతే దోహా ఫ్లైట్ ఒక్కటే పోతుందా, దోహా–లండన్ కూడా పోతుందా? రిటర్న్ ఉంటుంది కదా?

పదహారో వరుస
అన్నీ పోతాయి. టికెట్‌లో ఒక్కో ఫ్లైట్‌కి ఒక్కో కూపన్ ఉంటుంది, వాటిని వరుసగా వాడాలి. మొదటి కూపన్ వాడకుండా విమానం వెళ్లిపోతే మిమ్మల్ని నో-షో కింద రాసుకుంటారు. దోహా–లండన్, లండన్–దోహా, దోహా–కొలంబో మూడూ సిస్టమ్ దానంతటదే రద్దు చేసేస్తుంది.

అందుకే కొనేముందు ఫేర్ రూల్స్ తెరిచి పెనాల్టీల భాగం చదవండి. అందులో CHANGES BEFORE DEPARTURE అని ఒకటి, NO-SHOW అని ఇంకొకటి విడివిడిగా ఉంటాయి. రెండింటికీ మధ్య చాలా తేడా ఉండొచ్చు. చౌక బిజినెస్ ఫేర్లలో ముందే చెప్పి మార్చుకుంటే కొంత ఫీజు, దాంతోపాటు ఆ రోజుటి ఫేర్ తేడా కట్టించుకుంటారు. నో-షో అయితే దానిమీద ఇంకో ఫీజు పడుతుంది, కొన్నిట్లో డబ్బు అసలు వెనక్కి రాదు.

హైదరాబాద్ గేటు దగ్గర కూర్చున్నప్పుడు ఆలస్యం ఖాయమని తెలిస్తే, విమానం ఎక్కేదాకా ఆగకుండా అక్కడినుంచే లండన్ టికెట్ ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేయండి. ఎయిర్‌లైన్ గడువు దాటకముందే మార్చుకుంటే టికెట్ బతుకుతుంది. కొలంబోలో దిగాక చేద్దాంలే అనుకుంటే అప్పటికి మీ పేరు నో-షోలో పడిపోయి ఉండొచ్చు.

అమీర్‌పేట్ అజయ్
అలాగైతే కొలంబోకే వెళ్లొద్దు. హైదరాబాద్ నుంచి దోహాకి విడిగా చౌక టికెట్ కొని, అక్కడినుంచి లండన్ ఫ్లైట్ ఎక్కితే సరి. కొలంబో–దోహా ముక్క వదిలేస్తే వాళ్లకీ సీటు మిగులుతుంది.

పదహారో వరుస
పైన రాసింది అదే కదండీ. కొలంబో–దోహా మొదటి కూపన్. దాన్ని వదిలేస్తే దోహాలో మీకు బోర్డింగ్ పాస్ రాదు.

నల్లకుంట శారద
లెక్కలో నేనో మాట చెప్పాలి. రవి గారూ, ఈ ప్రయాణం సొంత ఖర్చా, కంపెనీ ఖర్చా? ఎందుకు అడుగుతున్నానంటే, 2025 సెప్టెంబర్ 22 నుంచి ఎకానమీ కాని తరగతుల మీద జీఎస్టీ 12 నుంచి 18 శాతమైంది. ఎకానమీకి 5 శాతమే. హైదరాబాద్‌లో మొదలయ్యే టికెట్ బిల్లులో ఆ 18 శాతం కూడా ఉంటుంది, కొలంబోలో మొదలయ్యే దాంట్లో ఆ వరుస కనిపించదు. మీరు చెప్పిన 88,000 తేడాలో పెద్ద వాటా ఇదే అయి ఉంటుంది. మీ 2,96,000లో బేస్ ఫేర్, ఎయిర్‌లైన్ సర్‌చార్జీ కలిపి 2,40,000 అనుకుంటే జీఎస్టీయే 43,200.

సొంత ఖర్చయితే అది మీ జేబులోంచి పోయేదే, కాబట్టి తేడా నిజమైన తేడానే. కంపెనీ పనిమీద వెళ్తూ, కంపెనీ జీఎస్టీ నంబర్‌తో బుక్ చేస్తే ఆ 43,200 ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి వస్తుంది. అప్పుడు హైదరాబాద్ టికెట్ అసలు ఖర్చు 2,52,800. కొలంబోతో తేడా 44,800కి పడిపోతుంది.

మియాపూర్ రవి
సొంత ఖర్చే మేడమ్. కానీ ఈ కోణం నాకు తట్టనే లేదు.

నల్లకుంట శారద
అయితే మిగతా ఖర్చులు కూడా వేసి చూద్దాం. కొలంబో టికెట్ శ్రీలంక రూపాయల్లోనో డాలర్లలోనో ఉంటుంది. మన క్రెడిట్ కార్డుల్లో చాలావాటికి విదేశీ కరెన్సీ మీద 3.5 శాతం మార్కప్ ఉంది, ఆ మార్కప్ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. రెండూ కలిపి 4.13 శాతం. 2,08,000 మీద దాదాపు 8,600. పేమెంట్ పేజీలో "రూపాయల్లో కట్టండి" అని అడిగితే ఒప్పుకోకండి, వాళ్ల మారకపు రేటు కార్డు రేటుకన్నా ఎక్కువే పడుతుంది. కార్డులో అంతర్జాతీయ ఆన్‌లైన్ వాడకం ఆన్‌లో ఉందో లేదో ముందే చూసుకోండి.

కొలంబోకి రానూపోనూ రెండు విడి టికెట్లు 21,000 అనుకుందాం. బిజినెస్ టికెట్ మీద బ్యాగేజీ ఎక్కువ ఇస్తారు, చౌక ఎయిర్‌లైన్ కొలంబో టికెట్ మీద అంత ఇవ్వదు. లండన్‌కి 30 కిలోలు కట్టుకుని వచ్చినా కొలంబో ముక్కకి ఎన్ని కిలోలుంటే అన్నే, మిగతాదానికి కౌంటర్ దగ్గర కట్టాల్సిందే. ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కుంటే రెండువైపులా 4,000 అనుకోండి. అదే రోజు గ్యాప్‌ని నమ్ముకోకుండా వెళ్లేటప్పుడు ఒక రాత్రి, వచ్చేటప్పుడు ఒక రాత్రి కొలంబోలో ఆగితే హోటల్ 11,000. క్యాబులు, తిండి 4,000. అన్నీ కలిపితే 48,600.

88,000లోంచి తీసేస్తే రవి గారికి మిగిలేది 39,400, పైగా రెండు రోజుల సెలవు పోతుంది. కంపెనీ ఖర్చుతో వెళ్లేవాళ్లకయితే 44,800లోంచి 48,600 పోవాలి. అంటే రిస్క్ మోసి చేతినుంచి 3,800 ఎదురు కట్టినట్టు.

ఈసీఐఎల్ వెంకట్
మా అమ్మానాన్నల్ని అమెరికా పంపించాలి. ఇద్దరికీ వీల్‌చెయిర్ కావాలి. ఎకానమీలో కొలంబో నుంచి మనిషికి పదకొండు వేలు తగ్గుతోంది. ఇలా పంపొచ్చా?

పదహారో వరుస
వద్దండీ వెంకట్ గారూ. పదకొండు వేలు కొలంబో టికెట్‌కే సరిపోతాయి, మిగిలేదేం ఉండదు. ఎకానమీలో ఈ పద్ధతి ఒంటరి మనిషికే అరుదుగా కలిసొస్తుంది. అదీగాక వీల్‌చెయిర్ రిక్వెస్ట్ రెండు టికెట్లలో విడివిడిగా పెట్టాలి. కొలంబోలో మొదటి ఎయిర్‌లైన్ మనిషి వాళ్లను అరైవల్ బయట దించి వెళ్లిపోతాడు. అక్కడినుంచి పెద్ద బ్యాగులతో చెకిన్ దాకా పెద్దవాళ్లే చూసుకోవాలి. అమ్మానాన్నలకి హైదరాబాద్ నుంచి ఒకే టికెట్ మీద, బ్యాగులు చివరిదాకా వెళ్లేలా తీసుకోండి.

విజిటర్ 77
కొలంబోలో రెండ్రోజులు ఉంటే ఏమేం చూడొచ్చు? పిల్లలున్నారు. క్యాండీ వెళ్లిరావచ్చా?

నల్లకుంట శారద
ఇది టికెట్ గురించిన చర్చ అండీ. పర్యటన విభాగంలో అడగండి, బాగా తెలిసినవాళ్లున్నారు. కానీ ఒక్క మాట. మీరూ ఇలాగే విడి టికెట్లతో వెళ్తుంటే, ముందుకి వెళ్లే ఫ్లైట్ రోజు క్యాండీ పెట్టుకోకండి. కొండదారి, తిరిగొచ్చే టైమ్ మన చేతిలో ఉండదు.

అమీర్‌పేట్ అజయ్
వీసా తలనొప్పి లేకుండా కాఠ్మండు నుంచి వెళ్తే? నేపాల్‌కి మనకు వీసానే అక్కర్లేదు కదా.

పదహారో వరుస
నేపాల్‌లోకి అడుగుపెట్టడానికి వీసా అక్కర్లేదు, నిజమే. అక్కడినుంచి మూడో దేశానికి వెళ్లేటప్పుడు కథ వేరు. భారత పాస్‌పోర్టుతో కాఠ్మండులో గల్ఫ్ వైపు విమానం ఎక్కబోయేవాళ్లను అక్కడి భారత రాయబార కార్యాలయం ఇచ్చే నో అబ్జెక్షన్ లెటర్ అడగొచ్చు. రవి గారు వెళ్లేది దోహా మీదుగా కాబట్టి ఈ ప్రశ్న రావచ్చు. రాయబార కార్యాలయం నుంచి రాతపూర్వకంగా సమాధానం తెచ్చుకోకుండా ఆ దారి పట్టొద్దు. శీతాకాలంలో కాఠ్మండు లోయలో పొద్దున పూట పొగమంచు కూడా ఉంటుంది. పెద్ద టికెట్ మొదలయ్యే ఊరికి చేర్చే పొజిషనింగ్ ఫ్లైట్‌కి అంతకన్నా చెడ్డ కాలం ఉండదు.

కొలంబోకి వస్తే, చెకిన్ బ్యాగ్ ఉంది కాబట్టి రవి గారు ఇమిగ్రేషన్ దాటాల్సిందే. అంటే శ్రీలంకలోకి రావడానికి ముందే ఆన్‌లైన్‌లో తీసుకునే అనుమతి, ETA కావాలి. eta.gov.lk లోనే పెట్టుకోండి. అలాగే కనిపించే ఏజెంట్ సైట్లు చాలా ఉన్నాయి, అవి ఎక్కువ గుంజుతాయి. తిరిగొచ్చేటప్పుడు కూడా కొలంబోలో దిగి బ్యాగ్ తీసుకోవాలి కదా, అది రెండో ప్రవేశం. టూరిస్ట్ ETAలో రెండు ప్రవేశాలుంటాయి, మొదటిసారి దిగిన రోజు నుంచి 30 రోజులు. రవి గారి ట్రిప్ 24 రోజులే కాబట్టి లోపలే ఉంది. నలభై రోజుల ట్రిప్ అయితే తిరుగు ప్రయాణానికి కొత్తది పెట్టుకోవాలి. అప్రూవల్ కాగితం మీద ఏం రాసుందో ప్రింట్ తీసి చదువుకోండి.

మియాపూర్ రవి
రెండు ఫ్లైట్లూ ఒకే అలయెన్స్‌లో తీసుకుంటే బ్యాగ్ నేరుగా లండన్‌కి ట్యాగ్ చేయరా? శ్రీలంకన్ ఎయిర్‌లైన్స్ వన్‌వరల్డ్ అలయెన్స్‌లోనే ఉంది, దోహా ఎయిర్‌లైన్ కూడా అంతే.

అమీర్‌పేట్ అజయ్
చేస్తారు బ్రో. రెండో టికెట్ చూపిస్తే కౌంటర్లో చేసిస్తారు.

పదహారో వరుస
చేస్తే అదృష్టమే, కానీ దాన్ని నమ్ముకుని గ్యాప్ తగ్గించకండి. విడి టికెట్ల మీద బ్యాగ్ ముందుకి ట్యాగ్ చేయాలన్న నిబంధన అలయెన్స్ సభ్యుల మీద లేదు. కౌంటర్లో ఉన్నవాళ్లు చేయనంటే మీరేం అనలేరు. ఒకవేళ చేస్తే ట్యాగ్ మీద చివరి గమ్యం మూడక్షరాల కోడ్ చూసుకోండి. LHR ఉంటే లండన్‌కి, CMB ఉంటే కొలంబోలో దిగుతుంది. కౌంటర్ వదిలేముందే చూడాలి.

చేతి బ్యాగ్ ఒక్కటే అయితే ఆన్‌లైన్ చెకిన్ చేసుకుని లోపలినుంచే ట్రాన్స్‌ఫర్ అవ్వొచ్చని కొందరంటారు. మీ మొదటి టికెట్ కొలంబోలో ముగుస్తుంది కాబట్టి, శంషాబాద్ కౌంటర్‌లో ETA లేకుండా ఎక్కనిస్తారా అనేది ఆ రోజు సిబ్బందిని బట్టి ఉంటుంది. నేనైతే ETA చేతిలో పెట్టుకునే వెళ్లమంటా.

అమీర్‌పేట్ అజయ్
ఇన్సూరెన్స్ ఉంటుంది కదా అన్నా. మిస్డ్ కనెక్షన్ కవర్ తీసుకుంటే సగం భయం పోతుంది.

నల్లకుంట శారద
పాలసీ కాగితం తెరిచి చూడండి అజయ్. మిస్డ్ కనెక్షన్ అన్న మాట పక్కన షరతులుంటాయి. మొదటి విమానం ఇన్ని గంటలకు మించి ఆలస్యమవ్వాలి, రెండు విమానాల మధ్య కనీసం ఇంత గ్యాప్ ముందే ఉండాలి, రెండూ ఒకే బుకింగ్‌లో ఉండాలి అని కొన్నిట్లో రాసుంటుంది. చివరిదుంటే రవి గారికి ఆ కవర్ ఎందుకూ పనికిరాదు. ఇచ్చే మొత్తం కూడా చూడాలి. చాలావాటిలో అది హోటల్, చిన్న టికెట్ ఖర్చుకు సరిపోయేంతే, కొత్త బిజినెస్ టికెట్‌కి కాదు. పాలసీ మొదలయ్యే తేదీ హైదరాబాద్ వదిలే రోజు వేయండి, కొలంబో వదిలే రోజు కాదు. ఇండియాలో ఉన్నప్పుడే కొనాలి.

అమీర్‌పేట్ అజయ్
నా పాలసీలో "ఒకే బుకింగ్" అని లేదు మేడమ్, "కనెక్టింగ్ ఫ్లైట్" అని మాత్రమే ఉంది.

నల్లకుంట శారద
అయితే ఆ మాటకి వాళ్లిచ్చిన నిర్వచనం చూడండి, పాలసీ మొదటి పేజీల్లో ఉంటుంది. ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. ఫోన్లో చెప్పింది క్లెయిమ్ దగ్గర పనికిరాదు.

పదహారో వరుస
రవి గారూ, మీ ప్లాన్‌ని నేనైతే ఇలా మారుస్తా. దోహా ఫ్లైట్ బుధవారం రాత్రి 8:40కి అనుకుందాం. కొలంబోకి మంగళవారం వెళ్లండి, అదీ చివరి ఫ్లైట్‌లో కాకుండా మధ్యాహ్నంలోగా. మంగళవారం మధ్యాహ్నం ఫ్లైట్ రద్దయితే అదే రోజు సాయంత్రం హైదరాబాద్–చెన్నై వెళ్లొచ్చు, అక్కడినుంచి కొలంబో గంటన్నర లోపే. అదీ కుదరకపోతే బుధవారం పొద్దున డైరెక్ట్‌దో చెన్నై మీదుగానో ఇంకొకటి ఉంటుంది. అంటే అనుకున్న విమానం పోయినా ఇంకో రెండు దారులు మిగులుతాయి. బుధవారమే బయల్దేరితే ఒక్క దారీ ఉండదు. హోటల్‌కి పెట్టే ఐదున్నర వేలు ఈ రెండు దారుల ధర అనుకోండి.

హోటల్ కొలంబో నగరంలో తీసుకోకండి. ఎయిర్‌పోర్ట్ ఉన్నది కటునాయకలో, నగరానికి ఉత్తరంగా ముప్పై కిలోమీటర్ల పైన. నెగొంబో దానికి దగ్గర, పది కిలోమీటర్ల లోపు. బుధవారం సాయంత్రం నగరం ట్రాఫిక్‌లో ఇరుక్కునే గొడవ ఉండదు.

నవంబర్, డిసెంబర్ నెలల్లో అయితే ఒక రోజు కూడా తక్కువే అనిపిస్తుంది. ఈశాన్య రుతుపవనాల వేళ చెన్నై, కొలంబో రెండింటికీ ఒకే వాయుగుండం తగలొచ్చు, అప్పుడు చెన్నై దారి కూడా మూసుకుపోతుంది. 2025 నవంబర్ చివర దిత్వా తుపాను శ్రీలంకను ముంచేసింది. అది పోయిన కొద్దిరోజులకే, డిసెంబర్ మొదటి వారంలో, మన దేశంలో సిబ్బంది డ్యూటీ నిబంధనల గొడవతో వేల విమానాలు రద్దయ్యాయి. ఆ రెండు వారాల్లో విడి టికెట్లతో ఉన్నవాళ్లకి ఒక రోజు గ్యాప్ ఎంత వరకు ఆగేదో ఆలోచించుకోండి.

మియాపూర్ రవి
నాది ఫిబ్రవరి. మరి తిరుగు ప్రయాణానికి కూడా ఒక రాత్రి పెట్టాలా?

పదహారో వరుస
అటు లెక్క వేరు. వెళ్లేటప్పుడు చిన్న టికెట్ తప్పితే పెద్ద టికెట్ మొత్తం పోతుంది. వచ్చేటప్పుడు పెద్ద టికెట్ అప్పటికే వాడేసి ఉంటారు. దోహా నుంచి లేటుగా దిగినా పోయేది పదివేల కొలంబో–హైదరాబాద్ టికెట్ ఒక్కటే. కాబట్టి ఆ రాత్రి హోటల్ మానేసి, ఐదారు గంటల గ్యాప్‌తో మార్చుకోవడానికి వీలున్న టికెట్ తీసుకోవచ్చు. అలా ఐదున్నర వేలు, ఒక రోజు సెలవు మిగులుతాయి. దిగేది అర్ధరాత్రి అయితే మాత్రం హోటల్ ఉంచుకోండి.

నల్లకుంట శారద
ఇందులో నాకు తేడా అభిప్రాయం ఉంది. 24 రోజుల తర్వాత ఒళ్లు హూనమై దిగి ఎయిర్‌పోర్ట్‌లో ఐదారు గంటలు కూర్చోవడం, బ్యాగ్ తీసుకుని మళ్లీ చెకిన్ చేయడం... ఐదున్నర వేలకి అది అవసరమా? సొంత డబ్బు, రవి గారి ఇష్టం.

పదహారో వరుస
ఇంకొకటి మర్చిపోయా. రెండు టికెట్లు కొన్నాక వారానికోసారి రెండిటి టైమింగ్‌లూ చూడండి. ఎయిర్‌లైన్లు షెడ్యూల్ మారుస్తుంటాయి. చిన్న టికెట్ ఎయిర్‌లైన్ మంగళవారం ఫ్లైట్ తీసేసి బుధవారం వేస్తే వాళ్ల టికెట్ డబ్బు వెనక్కిస్తారు, అంతే. మీ లండన్ టికెట్ వాళ్లకి సంబంధం లేదు. ముందే చూస్తే ఇంకో ఫ్లైట్ కొనుక్కోవచ్చు. అదే పెద్ద టికెట్ వాళ్లు టైమ్ బాగా మారిస్తే, ఫీజు లేకుండా మీకు నప్పే తేదీకి మార్చమని అడిగే అవకాశం మీకు దొరికినట్టు.

అమీర్‌పేట్ అజయ్
అన్నా, ఒక డౌట్. హైదరాబాద్–కొలంబో కూడా కలిపి మల్టీ-సిటీలో ఒకే టికెట్‌గా కొంటే ఈ బాధలన్నీ పోతాయి కదా?

పదహారో వరుస
సెర్చ్ చేసి చూడండి. ధర ప్రయాణం ఎక్కడ మొదలవుతుందో దాన్ని బట్టి వేస్తారు. హైదరాబాద్ కలపగానే అది హైదరాబాద్‌లో మొదలయ్యే ప్రయాణం అయిపోతుంది. ఫేరూ మారుతుంది, జీఎస్టీ కూడా తిరిగొస్తుంది. రవి గారు మొదట చూసిన 2,96,000 దగ్గరికో ఇంకా పైకో వెళ్తుంది.

మియాపూర్ రవి
ఇప్పుడే చూశా, 3,11,000 అంటోంది. సరే, మంగళవారం 11:20 ఫ్లైట్ చూస్తున్నా. ఫేర్ రూల్స్ తెరిచా: CHANGES దగ్గర USD 150 ఉంది, NO-SHOW దగ్గర USD 400, దాని కింద "ఫేర్ తేడా అదనం" అన్నట్టు రాసుంది. ఇది ఒక్కో ముక్కకా, మొత్తం టికెట్‌కా?

పదహారో వరుస
ఆ పేరా మొత్తం ఇక్కడ పెట్టండి. PER TRANSACTION అని ఉందా, PER COUPON అని ఉందా చూసి చెప్తా. అది తేలేదాకా పేమెంట్ చేయకండి.